చీటీల్లో రాని ప్రశ్న

లాయరు నిజంగా లాయరు కాదు, చదివేది అర్థశాస్త్రం. హాస్టల్లో చేరిన కొత్తలో ఒకరోజు మెస్సు మేనేజర్ని నిలబెట్టి, పాలు అంత పలచగా ఎందుకున్నాయని వరసపెట్టి అడిగిన ప్రశ్నలకి ఆ పెద్దమనిషి గరిటె పక్కన పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు. ఆ పూటతో పిల్లకి ఆ పేరు ఖాయమైపోయింది. ఇప్పుడు వాచ్‌మన్ కూడా అలాగే పిలుస్తాడు.

అలాంటి లాయరు రాసిన ప్రశ్నలు ఆ రాత్రి మరీ మెత్తగా ఉన్నాయి. చిట్టికి అనుమానం మొదలైంది అక్కడే.

చిట్టి ఆ గదిలో రెండో మంచం మనిషి. నీళ్ళ మీద పరిశోధన. మేడ మీది ట్యాంకుని కడిగి సరైన మూత బిగిస్తే, సరఫరా నీళ్ళలో కలిపిన క్లోరిన్ కింది కుళాయి దాకా మిగులుతుందా, మిగలదా అన్నది ఆమె తేల్చాల్సిన సంగతి. నాలుగు భవనాలు ఎంచుకుంది. రెండింటి ట్యాంకులు కడిగించి మూతలు పెట్టించింది, రెండింటిని ఉన్నవి ఉన్నట్టే వదిలేసింది. రోజూ పొద్దున్నే నాలుగు చోట్లకీ వెళ్ళి, అట్టడుగు కుళాయి నుంచి గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, అందులో బిళ్ళ వేసి, వచ్చిన గులాబీ రంగుని పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి లీటరుకి ఎన్ని మిల్లీగ్రాముల క్లోరినో అంకె రాసుకోవాలి. ఇంటికి తెచ్చి తీరిగ్గా చూద్దామంటే కుదరదు. క్లోరిన్ ఆగదు, ఎగిరిపోతుంది. అక్కడికక్కడే చూడాలి, లేకపోతే ఆ రోజు పోయినట్టే.

మర్నాడు పొద్దున్నే కమిటీ ముందు ఆమె ప్రెజెంటేషన్. ఇది రెండోసారి. మొదటిసారి వాళ్ళు వెనక్కి పంపేశారు. పట్టికలో అన్ని ఖాళీలు ఉంటే మేం దేన్ని చూసి ఒప్పుకోవాలమ్మా అని ముఖం మీదే అడిగారు. రెండోసారి కూడా ఒప్పుకోకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, స్టైపెండు బందు, హాస్టల్ గది ఖాళీ చేసి ఇంటి ముఖం పట్టడమే. ఇంటి దగ్గర అన్నయ్య తన షాపుకొచ్చే ప్రతివాడికీ మా చెల్లెలు డాక్టరవుతోందని, మందులిచ్చే డాక్టరు కాదని కూడా కలిపి చెప్పుకుంటాడు. ఇక ఆ అన్నయ్య ముందే పెట్టె దించాల్సి వస్తుంది.

అందుకే ఈ ప్రశ్నల రాత్రి. గదిలో ఎవరికి ప్రెజెంటేషన్ ఉన్నా ముందురోజు రాత్రి ఇద్దరూ కూర్చుని, కమిటీ వాళ్ళు అడగగల పాడు ప్రశ్నలన్నీ తామే రాసుకోవడం వాళ్ళ అలవాటు. దానికి లాయరు పెట్టిన నియమాలున్నాయి. ఎవరి చీటీలు వాళ్ళు వేరుగా రాయాలి, ఒకరివి ఒకరు తొంగి చూడకూడదు. చూస్తే ఇద్దరికీ ఒకటే బుర్ర అయిపోతుంది. చీటీకి ఒక్కటే ప్రశ్న. అదీ మర్యాదగా కాదు, అడిగేవాడి గొంతుతో, అడిగేవాడి దురుసుతనంతో సహా రాయాలి. కమిటీలో ఒక్కొక్కరినీ మనసులో కూర్చోబెట్టుకుని రాయాలి. లెక్కల మాస్టారికి అంకెల మీద కన్ను. బయటి నుంచి వచ్చే ఇంజనీరుకి పైపుల మీద కన్ను. అధ్యక్షుడు పెద్దాయన సగం నిద్రలో ఉంటాడు, లేచాక మాత్రం దీనివల్ల ఎవరికి ఏం ఒరుగుతుందని ఒక్కటే అడుగుతాడు. ఆ ఒక్కదానికి జవాబు లేక ఏడ్చినవాళ్ళు డిపార్ట్‌మెంటులో చాలామందే.

రాశాక అన్నీ కలిపేసి ఒక్కొక్కటే తీయాలి. నిలబడి జవాబు చెప్పాలి. మొదటి వాక్యంలోనే అవునో కాదో తేల్చాలి, తర్వాత ఆధారం, తర్వాత తన పనిలో ఉన్న లోటు. అంతే, అక్కడ ఆగాలి. సాగదీస్తే లాయరు చెంచాతో కంచం మీద కొడుతుంది. తెలియకపోతే తెలియదనాలి, ఎలా తెలుసుకోవచ్చో చెప్పాలి. గడగడా వచ్చినవి ఒక కుప్ప, తడబడ్డవి ఒక కుప్ప, నోరు పెగలనివి ఇంకో కుప్ప. ఆ మూడో కుప్పలో ఉన్న ప్రతిదానికీ, ధన్యవాదాలు అని రాసిన ఆఖరి స్లైడు తర్వాత ఒక అదనపు స్లైడు దాచిపెట్టుకోవాలి. అడిగితే తీయడానికి, అడక్కపోతే అక్కడే పడుంటుంది.

ఇద్దరూ రాసిన ప్రశ్న తప్పకుండా వచ్చేదని లెక్క. ఒక్కరే రాసింది మరీ విలువైనది, రెండో మనిషికి కనపడని గొయ్యి అన్నమాట.

ఆ రాత్రి మొదటి ప్రశ్నలు బాగానే సాగాయి. రంగుని కంటితో చూసి పోల్చావు కదా, ఎండలో ఒకలా ట్యూబులైటు కింద ఒకలా కనిపించదా అన్నదానికి, అన్నీ పగటి వెలుగులో, గొట్టం వెనక తెల్ల కాగితం పెట్టి చూశానంది. ట్యాంకులో కాకుండా కుళాయి దగ్గరే ఎందుకు కొలిచావంటే, జనం తాగేది కుళాయి దగ్గర, దారిలో పైపు కూడా క్లోరిన్ తినేస్తుందంది. లెక్కల మాస్టారి గొంతుతో చిట్టి తనకు తానే రాసుకున్న ప్రశ్న అన్నిటికంటే ఘాటుగా ఉంది. వందల రీడింగులని గొప్పగా చెబుతున్నావు, ఒకే ట్యాంకు నుంచి రోజూ తీస్తే అవి వేరువేరు సాక్ష్యాలెలా అవుతాయి, నీ దగ్గర నిజానికి ఉన్నవి నాలుగు ట్యాంకులే కదా అని. దానికి కాసేపు తడబడి, అవును నాలుగే, అందుకే ట్యాంకుకి ఒక సగటు తీసి, కడగక ముందు కడిగిన తర్వాత దానితో దాన్నే పోల్చాను, నాలుగింటిని బట్టి ఊరంతటికీ చెప్పలేను అని ముగించింది. చెంచా మోగలేదు.

లాయరు చీటీలు మాత్రం ఎటూ కాకుండా ఉన్నాయి. మూతకి ఎంత ఖర్చయింది, ప్లాస్టిక్ మూత ఎందుకు, ఇలాంటివి. నిరుడు చిట్టి స్నేహితురాలు ఒకతి తయారుచేసుకున్న ప్రెజెంటేషన్లో ఎనిమిదో స్లైడుకీ పదో స్లైడుకీ పొంతన లేదని పట్టుకున్న మనిషి ఇదేనా అనిపించింది. పైగా ఆ మధ్యాహ్నమే లెక్కల మాస్టారి గది బయట లాయరు కనిపించింది. అర్థశాస్త్రం పిల్లకి అక్కడేం పని? చిట్టిని చూడగానే మాట తుంచేసి, క్యాంటీన్‌కి వస్తావా అంది. రాత్రి ఆ సంగతి అడిగితే ఏదో సర్వే లెక్క అని దాటేసింది.

అనుమానం అనేది ఒకసారి గదిలోకి వచ్చిందంటే మంచం మీద చోటడుగుతుంది. లాయరు గట్టి ప్రశ్నలు తన దగ్గర అట్టేపెట్టుకుని, వాటిని మాస్టారి చేతిలో పెట్టిందేమో. ఎందుకు పెడుతుంది? కారణం వెతికితే దొరకదా ఏమిటి. మాస్టారి దగ్గర సహాయకుల పోస్టు ఖాళీ ఉందంటున్నారు. చిట్టికి తన మీద తనకే చిరాకేసింది. నాలుగేళ్ళుగా ఒకే బకెట్టుతో నెట్టుకొచ్చిన మనిషి గురించి ఇలా అనుకోవడమేమిటని తిట్టుకుంది. తిట్టుకుంటూనే మళ్ళీ అనుకుంది.

ఇంతలో పక్కగది కవయిత్రి తలుపు తోసింది. సాహిత్యం చదువుతుంది, కవిత్వం రాస్తుంది, చార్జరు మాత్రం ఎప్పుడూ ఎవరిదో ఒకరిది వాడుతుంది. ప్రశ్నల రాత్రి ఆ గదిలో అడుగుపెట్టిన వాళ్ళెవరైనా ఒక ప్రశ్న సుంకం కట్టి పోవాలని నియమం. తెలియనివాళ్ళ ప్రశ్నలే కమిటీని పోలి ఉంటాయని లాయరే పెట్టింది. ఆశ్చర్యమేమిటంటే ఆ పూట లాయరే, పొద్దుపోయింది, చార్జరు తీసుకుని వెళ్ళు, సుంకం అక్కర్లేదు అంది. చిట్టి ఒప్పుకోలేదు. కవయిత్రి గోడకి ఆనుకుని సుంకం కట్టింది.

"నీళ్ళు రాని రోజుల్లో ఏం కొలిచావక్కా?"

"నీళ్ళు ఎప్పుడు రాలేదు?" అంది చిట్టి.

"మీ అన్నయ్య ఆపరేషన్‌కి వెళ్ళావే, ఆ వారంలో. వీధిలో పెద్ద పైపు తవ్విపోశారు. రెండు రోజులు చుక్క లేదు. తలస్నానం లేక మేమంతా ఎలా తిరిగామో లాయరక్కని అడుగు."

చెప్పి చార్జరు తీసుకుని వెళ్ళిపోయింది. పాపం, తాను చేసిన ఘనకార్యం ఆ పిల్లకి తెలియదు.

చిట్టి ల్యాప్‌టాప్ దగ్గరకు లాక్కుంది. ఆ వారం ఆమె ఊళ్ళో లేదు. అన్నయ్యకి కడుపులో ఆపరేషన్. వెళుతూ వెళుతూ గాజు గొట్టాలూ బిళ్ళల డబ్బా లాయరు చేతిలో పెట్టి, ఎలా చూడాలో రెండు పొద్దులు వెంట తిప్పి నేర్పి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి అంకెలన్నీ సిద్ధంగా ఉన్నాయి. నాలుగు భవనాలూ ఆ వీధి పైపు మీదివే. చిట్టి ఆ వారం వరస మీద వేలు పెట్టి నడిపింది. ఒక్క ఖాళీ లేదు. కడిగిన ట్యాంకుల కింద పాయింట్ నాలుగు, పాయింట్ నాలుగు, పాయింట్ మూడు. కడగనివాటి కింద పాయింట్ ఒకటి. నీళ్ళే లేని కుళాయి కింద గొట్టం పట్టుకుంటే గులాబీ రంగు ఎక్కణ్ణుంచి వచ్చింది?

కొత్త నీళ్ళు రాకపోతే ట్యాంకు అడుక్కి పోతుంది. ఉన్న కాసిని నీళ్ళలో క్లోరిన్ రోజురోజుకీ తగ్గాలి. ట్యాంకు ఎండిపోతే అంకే ఉండకూడదు. ఇవి తగ్గనూ లేదు, ఆగనూ లేదు. కుదురుగా, మర్యాదగా కూర్చున్నాయి.

లాయరు చీటీల కుప్పని అంచులు కలిపి సర్దుతోంది. సర్దినదాన్నే మళ్ళీ సర్దుతోంది.

"ఈ ప్రశ్న నువ్వెందుకు రాయలేదు?" అంది చిట్టి.

అలాంటివి ఎవరడుగుతారని లాయరు నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. ఎంత లాయరైనా, ప్రశ్నలడగడం తానే నేర్పిన మనిషి ముందు అబద్ధం నిలబెట్టడం కష్టం. మంచం అంచున కూర్చుని మొత్తం చెప్పింది. మొదటి రోజు నాలుగు చోట్లకీ వెళ్ళిందట. తర్వాత రెండు రోజులు కుళాయి తిప్పితే గాలి చప్పుడు తప్ప ఏం రాలేదట. ఖాళీ వదిలేద్దామనుకుంది. కానీ ఖాళీలు చూసే కదా నిన్ను మొదటిసారి తరిమారు, మళ్ళీ నా చేతుల మీదుగా ఖాళీలు పడితే ఎలా అనుకుని, ముందురోజు అంకెల పక్కన వాటి అన్నదమ్ముల్లాంటి అంకెలు రాసేసింది. ఆసుపత్రిలో కూర్చున్న మనిషికి ఫోను చేసి ఇది చెప్పడమా అని ఊరుకుంది. తిరిగొచ్చాక చెబుదామనుకుంది. వచ్చిన చిట్టి ఆ నిండు వరస చూసి మెడ చుట్టూ చేతులు వేసింది. ఇక నోరు రాలేదు. ఆ మధ్యాహ్నం మాస్టారి దగ్గరికి వెళ్ళింది కూడా, ఎవరో స్నేహితురాలి సర్వే అని పేరు పెట్టి, తప్పుడు రీడింగులు కలిస్తే ఏం చేయాలని అడగడానికేనట. తీసేసి, తీసేశామని చెప్పమన్నాడట ఆయన.

చిట్టికి మొదట ఏడుపు వచ్చింది, తర్వాత కోపం వచ్చింది, ఆ తర్వాత సిగ్గేసింది. పోస్టు కోసం తనని అమ్మేసిందని కదా అనుకుంది. ఆ అనుమానం తప్పు. కానీ తప్పుడు చోట తవ్వినా గొయ్యిలో ఏదో ఉండనే ఉంది.

"సరే, ఆ రెండు రోజులు తీసేద్దాం," అంది లాయరు. "మిగతావి నిజమే. నాలుగో రోజు నుంచి రోజూ వెళ్ళాను."

చిట్టి ఆ మిగతా రోజుల వైపు చూసింది. పైపు బాగుచేశాక లోపలి మురికి పోవడానికి క్లోరిన్ ఎక్కువ మోతాదులో వదులుతారు. నీళ్ళు తిరిగొచ్చిన రోజున అంకె ఎగరాలి. అక్కడ పాయింట్ నాలుగే ఉంది. ఎగరకపోవడానికీ కారణాలున్నాయి. ట్యాంకు అడుగున మురికి ఉంటే అది తినేస్తుంది, గొట్టంలో నీళ్ళు పట్టిన వేళనిబట్టి కూడా మారుతుంది. నిజమే అయ్యుండొచ్చు, కాకపోనూ వచ్చు. అబద్ధపు పాయింట్ నాలుగూ నిజం పాయింట్ నాలుగూ పక్కపక్కన కూర్చుంటే వేరుచేసే బిళ్ళ ఏదీ ఆ డబ్బాలో లేదు.

"వారం మొత్తం తీసేస్తున్నా," అంది చిట్టి.

"నన్ను నమ్మవా?"

చిట్టి ఆ వారం వరసలన్నీ ఎంచి తుడిచేసింది. లాయరు రెండోసారి అడగలేదు. నమ్మకం ఉందని చెప్పడానికి చిట్టికి నోరు రాలేదు, లేదని చెప్పడానికి మనసు రాలేదు.

ఆ తర్వాత ఇద్దరూ పని చేశారు, అదే వింత. వారం తీసేసి సగటులన్నీ మళ్ళీ వేశారు. కడిగిన ట్యాంకులకీ కడగనివాటికీ మధ్య తేడా కాస్త తగ్గింది గానీ పోలేదు. బొమ్మల్లో ఆ వారం ఉన్నచోట బూడిదరంగు పట్టీ పెట్టి, రీడింగులు నమ్మదగినవి కానందున తొలగించాం అని రాశారు. లాయరు ఇప్పుడు మునుపటి లాయరైపోయింది. ఆ పట్టీ మీదే గుచ్చి గుచ్చి రాసింది. నమ్మదగినవి కావని ఎప్పుడు తెలిసింది, నిన్న రాత్రి దాకా ఎందుకు తెలియలేదు, మిగతా వారాల్ని మాత్రం ఎందుకు నమ్మాలి. చిట్టి నిలబడి అన్నిటికీ జవాబు చెప్పింది. మిగతా వారాలు తాను స్వయంగా కొలిచినవి. రాత్రి తెలిసింది, రాత్రే తీసేసింది. పరిశీలించకుండా తీసుకున్నది తన తప్పు. చెంచా ఒక్కసారి కూడా మోగలేదు. ఒకే ఒక్క ప్రశ్న మాత్రం ఇద్దరిలో ఎవరూ రాయలేదు. ఇద్దరికీ తట్టలేదంటే నేను నమ్మను.

పొద్దున సెమినార్ గదిలో లాయరు వెనక వరసలో కూర్చుంది. చిట్టి మొదటి స్లైడ్లు గబగబా దాటించేసినా రంగుల పట్టీ స్లైడు దగ్గరకొచ్చేసరికి కుదుటపడింది. లెక్కల మాస్టారు అనుకున్నట్టే నాలుగు ట్యాంకులే కదా అన్నాడు. చిట్టి అవును నాలుగే అని మొదలుపెట్టగానే ఆయన తలూపాడు. పెద్దాయన లేచి దీనివల్ల ఎవరికేమిటి అన్నాడు. మూత ఖరీదుకి భవనంలో ఉన్నవాళ్ళందరికీ కుళాయి దాకా క్లోరిన్ మిగులుతుందని చెప్పింది. గండం గట్టెక్కినట్టే ఉంది.

అప్పుడు ఇంజనీరు బూడిదరంగు పట్టీ మీద పెన్ను ఆనించాడు. ఆ వారం వీధి పైపు మరమ్మతు తమ విభాగమే చేయించిందని, తనకు బాగా గుర్తుందని అన్నాడు.

"సరఫరా ఆగింది రెండు రోజులే కదమ్మా. నువ్వు వారం మొత్తం ఎందుకు తీసేశావు?"

మొదటి వాక్యంలోనే తేల్చాలి. చిట్టి దగ్గర మర్యాదైన జవాబులు బోలెడున్నాయి. లైను కడిగాక నీళ్ళు మామూలు స్థితికి రావడానికి సమయం పడుతుందనవచ్చు. వినడానికి బాగుంటుంది, ఎవరూ కాదనరు, వెనక వరసలో కూర్చున్న మనిషి కూడా ఊపిరి పీల్చుకుంటుంది. కానీ తీసేసింది అందుకు కాదు. అందుకని చెబితే, ఖాళీలో అందమైన అంకె రాసినట్టే.

"ఆ వారం నేను ఊళ్ళో లేను సార్. నా బదులు వేరే వాళ్ళు చూశారు. నీళ్ళు లేని రోజులకి కూడా వాళ్ళు అంకెలు రాశారు. ఇక మిగతా రోజులు కొలిచే రాశారని నేను నమ్మలేకపోయాను."

వెనక వైపు చూడకూడదనుకుంది. చూసింది. లాయరు ఒళ్ళో చేతులు పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది, తన కేసు తీర్పు వింటున్నట్టు. ఇంజనీరు, సరే, చెప్పింది మంచిపని, ఇకమీదట నువ్వు లేనప్పుడు ఇద్దరిచేత చూపించు అని పెన్ను జేబులో పెట్టుకున్నాడు. బయట కాసేపు నిలబెట్టి లోపలికి పిలిచి, ఆ వారం బదులు మరో వారం తనే కొలిచి కలపాలనే షరతుతో ఒప్పుకున్నామని చెప్పారు. రిజిస్ట్రేషన్ నిలబడింది.

వరండాలో లాయరు ఎదురొచ్చింది. బాగా చెప్పావు అంది. వెటకారం కాదు, నిజంగానే అంది. ఇద్దరూ మెట్లు దిగారు. ఆఖరి మెట్టు మీద లాయరు ఆగింది.

"ఆ మిగతా రోజులు నిజంగానే కొలిచానే," అంది మెల్లిగా.

చిట్టి ఆమె ముఖంలోకి చూసింది. నాలుగేళ్ళుగా తెలిసిన ముఖమే. అయ్యుండొచ్చు అనుకుంది. అవునో కాదో తేల్చుకుందామన్నా ఇప్పుడు దారి లేదు, ఏ రోజు నీళ్ళు ఆ రోజే పోయాయి. తెలుసులే అని చెప్పి భుజం మీద చెయ్యి వేసింది. ఆ మాట లాయరు నమ్మిందో లేదో చిట్టికి తెలియలేదు.